గేటు కొటేషన్: కిలో లెక్కకు అందని ఖర్చులు

ఇంటి ముందు ఇనుప గేటు కావాలని ఎవరైనా వెల్డింగ్ షాపుకు వెళితే, సాధారణంగా కిలోకు ఇంత అనో, చదరపు అడుగుకు ఇంత అనో ధర వినిపిస్తుంది. ఈ పద్ధతి సులువైనది, బేరానికి అనువైనది. అయితే ఒకే బరువున్న రెండు గేట్లకు ఒకే శ్రమ పట్టదు. నిలువు పైపులు అతికిన సాదా గేటు రెండు రోజుల్లో పూర్తయితే, కొలతకు వంచిన కమ్మీలు, పూలతీగ అల్లికలు ఉన్న గేటుకు నాలుగు రోజులు పట్టవచ్చు. త్రాసు మీద రెండూ సమానమే. కిలో లెక్క పాటించే షాపు రెండో గేటుపై నష్టపోతుంది. ఏడాది చివర చేతిలో డబ్బు నిలవకపోయినా, పోయింది ఎక్కడో యజమానికి అంతుపట్టదు.

ప్రతి పనికీ విడిగా వ్యయం లెక్కగట్టే విధానాన్ని జాబ్ కాస్టింగ్ అంటారు. దీనిని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఒక వెల్డర్, ఒక హెల్పర్ పనిచేసే చిన్న షాపుకు 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు గల రెండు రెక్కల గేటు ఆర్డరు వచ్చిందనుకుందాం. ఇక్కడ తీసుకున్న ధరలు, జీతాలు లెక్క కోసమే. ఏ షాపుకు ఆ షాపు తన అంకెలను వేసుకోవాలి.

మొదటిది సరుకు. ఒక్కో రెక్క చట్రానికి 6 అడుగుల నిలువు ముక్కలు రెండు, 5 అడుగుల అడ్డ ముక్కలు మూడు కావాలి. రెండు రెక్కలకు కలిపి 54 అడుగులు. స్క్వేర్ పైపు 6 మీటర్ల పొడవున, అంటే దాదాపు 19 అడుగుల 8 అంగుళాల చొప్పున దొరుకుతుంది. కాగితం మీద మూడు పైపులు సరిపోతాయి. కోతకు కూర్చున్నాకే చిక్కు బయటపడుతుంది. ఒక పైపులో 5 అడుగుల ముక్కలైనా నాలుగు రావు, మూడే వస్తాయి. కావలసినవి పది ముక్కలు కనుక నాలుగో పైపు కొనక తప్పదు. దానిలో 5 అడుగులు పోగా మిగిలే పొడవైన ముక్క మరో పనికి ఉపయోగపడుతుంది. మొదటి మూడింటిలో మిగిలే చిన్న ముక్కలు చాలావరకు తుక్కులోకే చేరతాయి. అందుచేత ఈ పని ఖాతాలో మూడు పూర్తి పైపులు, నాలుగోదానిలో 5 అడుగులు రాయడం న్యాయం. 50 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు 2 మిల్లీమీటర్ల మందంలో మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన చట్రానికే దాదాపు 59 కిలోలు అవుతుంది. గేటులో నిలిచేది సుమారు 49 కిలోలే. కొటేషన్ రాసే ముందు కోత పటం గీసుకోవలసిన అవసరం ఈ 10 కిలోల తేడాలోనే ఉంది.

లోపలి కమ్మీలు, కింది భాగానికి రేకు కలుపుకొని ఇనుము మొత్తం 120 కిలోలు అనుకుంటే, కిలో 70 రూపాయల చొప్పున 8,400 రూపాయలు. బందులు, గడియ, వెల్డింగ్ రాడ్లు, కటింగ్ చక్రాలు, ప్రైమర్, రంగులకు మరో 3,600. సరుకు ఖర్చు 12,000 రూపాయలు.

రెండోది కూలి. అసలు పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వెల్డర్ నెల జీతం 22,500, హెల్పర్‌ది 15,000 రూపాయలు. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున జీతం ఇచ్చే గంటలు 208. వాటితో భాగిస్తే వెల్డర్ గంట ఖరీదు 108 రూపాయలుగా తేలుతుంది. అయితే ఆ 208 గంటలూ పని మీద గడవవు. సరుకు దించుకోవడం, కరెంటు పోవడం, యంత్రం మరమ్మతు, టీ విరామం, ఒకసారి వంకరగా వచ్చిన అతుకును మళ్లీ కోయడం వంటివి పోగా, ఆర్డర్లకు రాయగలిగే గంటలు 150 మిగిలితే మంచి షాపే. జీతం మాత్రం మొత్తానికీ చెల్లించాలి. కాబట్టి వెల్డర్ గంటకు 150, హెల్పర్ గంటకు 100 రూపాయలు పడతాయి. కొలతలు తీసిన నాటి నుంచి ఇంటి వద్ద బిగించేవరకు ఇద్దరికీ చెరి 20 గంటలు పడితే కూలి 5,000 రూపాయలు.

మూడోది ఏ ఒక్క పనికీ నేరుగా చెందని స్థిర ఖర్చు. షాపు అద్దె 12,000, కరెంటు 5,000, యంత్రాల అరుగుదల 4,000, ఫోను, పెట్రోలు, లెక్కలు రాసే వారి రుసుము 4,000, యజమాని జీతం 20,000. మొత్తం నెలకు 45,000 రూపాయలు. యజమాని తన శ్రమకు జీతం రాసుకోకుండా, మిగిలిందే తనదనుకోవడం చిన్న షాపుల్లో తరచుగా కనిపిస్తుంది. లాభంగా భావించినది చాలాసార్లు ఆయన సొంత కూలే. ఇద్దరి పనిగంటలు కలిపి నెలకు 300 కనుక, ఒక్కో పనిగంటపై 150 రూపాయల స్థిర ఖర్చు పడుతుంది. ఈ గేటుకు 40 పనిగంటలు, అంటే 6,000 రూపాయలు.

దీంతో గేటు వ్యయం 23,000 రూపాయలకు చేరింది. అమ్మకపు ధరలో 20 శాతం లాభంగా మిగలాలని యజమాని కోరిక. వ్యయానికి 20 శాతం కలిపితే 27,600 అవుతుంది. కానీ అందులో లాభం 4,600 మాత్రమే. అమ్మకపు ధరతో పోలిస్తే అది 16.7 శాతం. ధరలో 20 శాతం లాభం కావాలంటే మిగిలిన 80 శాతమే వ్యయం కావాలి. కనుక 23,000ను 0.80తో భాగించాలి. అప్పుడు ధర 28,750 రూపాయలు, లాభం 5,750. ఒక్క గేటులో తేడా 1,150 రూపాయలే గాని, ఏడాది పొడవునా ప్రతి కొటేషన్‌లో ఇదే జరుగుతుంది. 18 శాతం జీఎస్టీ ఈ ధరపై విడిగా చేరి బిల్లు 33,925 రూపాయలు అవుతుంది. సరుకుపై కట్టిన పన్నుకు క్రెడిట్ పొందే షాపు సరుకు ధరను పన్ను లేకుండా రాసుకోవాలి. క్రెడిట్ రాని షాపుకు ఆ పన్ను కూడా ఖర్చే.

ఇదే గేటుకు పక్క షాపు చదరపు అడుగు 400 చొప్పున 24,000 రూపాయలు చెప్పిందనుకుందాం. ఆ ధరకు ఒప్పుకుంటే మిగిలేది వెయ్యి రూపాయలు. బిగించే చోట స్తంభం నిటారుగా లేక ఇద్దరికీ మరో నాలుగు గంటలు పడితే, కూలి వెయ్యి, స్థిర ఖర్చు 1,200 పెరిగి, లాభం కాస్తా 1,200 రూపాయల నష్టంగా మారుతుంది. అలాగని 24,000ను ఎప్పుడూ కాదనాలని కూడా లేదు. పని లేక షాపు ఖాళీగా ఉన్న నెలలో, సరుకు, కూలికి పోయే 17,000 పోను మిగిలిన 7,000 రూపాయలు అద్దెకు ఆసరా అవుతాయి. చేతినిండా పని ఉన్న నెలలో మాత్రం అదే ఆర్డరు మంచి ధర పలికే మరో పనికి దక్కాల్సిన గంటలను తినేస్తుంది.

ఈ లెక్కలో బలహీనమైన అంకె 300 గంటలు. ఆర్డర్లు తగ్గి 200 గంటలే పని దొరికితే స్థిర ఖర్చు గంటకు 225 రూపాయలకు పెరుగుతుంది. అలాగని మరుసటి నెల కొటేషన్లలో రేటు పెంచేస్తే ఉన్న ఆర్డర్లూ చేజారవచ్చు. అందుకే ఒక్క నెలను కాక ఏడాది సగటును తీసుకోవడం మేలు. ఇందుకు ప్రతి ఆర్డరుకు ఒక కార్డు ఉంచి, అంచనా గంటల పక్కన వాస్తవంగా పట్టిన గంటలను ఏ రోజుకారోజు రాయాలి. పది కార్డులు పోగయ్యేసరికి ఏ తరహా పనిలో అంచనా తప్పుతోందో కనిపిస్తుంది. సాధారణంగా అది వెల్డింగ్ కాదు, గ్రైండింగ్, రంగు, ఇంటి వద్ద బిగింపు.

ఇనుము ధర వారం తిరగకుండానే మారవచ్చు కనుక కొటేషన్‌పై గడువు తేదీ ఉండాలి. సరుకు విలువకు తగ్గని అడ్వాన్సు, రవాణా ఎవరిది, స్తంభాల తాపీ పని ఎవరిది అన్న వివరాలు కూడా అదే కాగితంపై రాసి, ఆర్డరు ఇచ్చిన వారి సంతకం తీసుకోవాలి.