చేపనూనె మాత్రతో పిల్లల ఏకాగ్రత పెరుగుతుందా?

మూడో తరగతి చదివే బాబు హోంవర్క్ దగ్గర పది నిమిషాలైనా కుదురుగా కూర్చోడు. స్కూల్లోనూ అదే ఫిర్యాదు. ‘ఒమేగా–3 వాడి చూడండి, మా వాడికి బాగా పనిచేసింది’ అని తెలిసినవాళ్లు చెబితే మంగళగిరిలో ఓ తల్లి మందుల షాపుకి వెళ్లిందనుకుందాం. షాపతను రెండు సీసాలు ముందు పెట్టాడు. ఒకటి ‘ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా.’, మరోటి ‘కాడ్ లివర్ ఆయిల్’. రెండూ చేపనూనెలే కదా, ఏదైనా ఒకటే అనిపిస్తుంది. పిల్లల విషయంలో ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

అసలు పనిచేస్తుందా?

ఒమేగా–3లో మెదడుకు సంబంధించినవి ముఖ్యంగా రెండు: ఈపీఏ, డీహెచ్‌ఏ. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం (ఏడీహెచ్‌డీ) ఉన్న పిల్లల మీద జరిగిన 37 పరీక్షలను కాక్రేన్ సంస్థ 2023లో కలిపి చూసింది. తల్లిదండ్రులు గమనించిన ఏకాగ్రత లోపంలో గానీ, అతి చురుకుదనంలో గానీ డమ్మీ మాత్రతో పోలిస్తే తేడా కనిపించలేదు.

అయితే 2019లో వెలువడిన మరో పరిశోధన ఆసక్తికరం. లండన్ కింగ్స్ కాలేజీ, తైవాన్ పరిశోధకులు 92 మంది ఏడీహెచ్‌డీ పిల్లల్లో కొందరికి రోజుకు 1.2 గ్రాముల ఈపీఏ, మిగతావారికి డమ్మీ మాత్ర 12 వారాలు ఇచ్చారు. రక్తంలో ఈపీఏ ముందే తక్కువగా ఉన్నవారికి ఏకాగ్రత కొంత మెరుగైంది. ముందే ఎక్కువగా ఉన్నవారు తొందరపాటు తగ్గడంలో డమ్మీ మాత్ర వాడినవారి కంటే వెనకబడ్డారు. అంటే ఒకరి పిల్లాడికి పనిచేసినంత మాత్రాన మన పిల్లాడికీ పనిచేస్తుందని కాదు.

పిల్లల్లో దిగులు, డిప్రెషన్ విషయంలో జరిగిన పరీక్షలు తక్కువ, చిన్నవి. వాటి ఆధారంగా మాత్రను చికిత్సగా నమ్ముకోలేం.

సీసా వెనక్కి తిప్పి చూడండి

‘1000 మి.గ్రా.’ అన్నది మొత్తం నూనె బరువు. మామూలు క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మి.గ్రా. ఉంటాయి. అంటే పనికొచ్చేది 300 మాత్రమే. పరిశోధనలో ఇచ్చిన 1.2 గ్రాముల ఈపీఏ కావాలంటే ఇలాంటివి రోజుకు ఆరేడు మింగాలి. ‘వెయ్యి వేస్తున్నాం కదా’ అనుకునే తల్లి నిజానికి అందులో మూడో వంతు కూడా ఇవ్వడం లేదు. అలాగని సొంతంగా క్యాప్సూళ్లు పెంచకూడదు. చేప వాసనతో తేన్పులు, వికారం, విరేచనాలు రావచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఆపరేషన్ ఉన్నా, చేపలు పడకపోయినా డాక్టరుకు ముందే చెప్పాలి.

కాడ్ లివర్ ఆయిల్ సంగతి వేరు. అది కాడ్ చేప కాలేయం నుంచి తీసే నూనె. అందులో విటమిన్–ఎ దండిగా ఉంటుంది. ఒక టీస్పూన్‌లో సుమారు 1,350 మైక్రోగ్రాములు ఉండొచ్చు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 900 దాటకూడదు. ఒమేగా–3 కోసమని దీన్ని రెండు మూడు స్పూన్లు నెలల తరబడి పట్టిస్తే విటమిన్–ఎ ఒంట్లో పేరుకుంటుంది. తలనొప్పి, వాంతులు, చర్మం పొడిబారడం, ఎముకల నొప్పులు కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించాలి. మల్టీవిటమిన్ సిరప్ కూడా వాడుతుంటే ఆ లెక్కా కలపాలి.

కంచంలో ఎంత?

ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి రోజుకు 200–250 మి.గ్రా. చాలని అంతర్జాతీయ ఆహార సంస్థ ఎఫ్ఏఓ సూచన. ఇది ఆరోగ్యానికి సరిపడే మోతాదు, ఏకాగ్రతకు మందు కాదు. డెల్టా చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో ఒమేగా–3 తక్కువ. సముద్రపు కవళ్లు, కానాగంతల్లో ఎక్కువ. వీటి కూర వారానికి రెండుసార్లు పెడితే పై అవసరం దాదాపు తీరుతుంది. శాకాహారులు తినే అవిసె గింజలు, వాల్‌నట్స్‌లో ఉండే ఒమేగా–3 వేరే రకం. ఒంట్లో అది ఈపీఏగా మారేది కొంచెమే, డీహెచ్‌ఏగా మారేది మరీ తక్కువ. మాత్ర అవసరమని డాక్టర్ చెబితే సముద్రపు నాచు నుంచి తీసినవి దొరుకుతాయి.

అసలు నష్టం ఆలస్యంతోనే

మాత్ర వేస్తూ ‘చూద్దాం’ అని ఏడాది గడిపేయడమే పెద్ద నష్టం. ఏకాగ్రత లోపం ఇంట్లోనూ స్కూల్లోనూ ఆరు నెలలకు మించి ఉంటే పిల్లల వైద్యుడికి చూపించాలి. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత సరిచూశాకే ఏడీహెచ్‌డీ అనే నిర్ధారణకు వస్తారు. మంగళగిరి ఎయిమ్స్‌లో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. డాక్టర్ మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు రాసి ఉంటే దాన్ని ఆపి చేపనూనెకు మారకండి. డాక్టర్ ఒమేగా–3 ఇచ్చి చూద్దామంటే ఎంత ఈపీఏ, ఎన్ని వారాలు అని అడగండి. మొదలుపెట్టే ముందు, మూడు నెలల తర్వాత టీచర్ ఏమంటున్నారో రాసుకోండి. తేడా లేకపోతే ఆపేయొచ్చు.

పిల్లలు రెండు వారాలకు పైగా దిగులుగా, ఆటలు మాని, తిండి నిద్ర తప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. ‘బతకాలని లేదు’ లాంటి మాట వినబడితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. సలహా కోసం టెలి మానస్ ఉచిత నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.