టీమ్ మారతానని రాసేటప్పుడు

టీమ్ మార్చమని పెట్టే మెయిల్ మనం పంపిన మనిషి దగ్గరే ఆగదు. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రస్తుత మేనేజర్ రిలీజ్ చేస్తేనే కదలడం కుదురుతుంది కాబట్టి, హెచ్‌ఆర్ దాన్ని ఆయనకే ఫార్వర్డ్ చేస్తుంది. తీసుకోబోయే టీమ్ వాళ్లూ చదువుతారు. రేపు తన గురించి కూడా ఇలాగే రాస్తారా అన్న అనుమానం కొత్త మేనేజర్‌కి వచ్చిందంటే పని చెడినట్టే.

హైదరాబాద్‌లో ఒక పేమెంట్స్ ప్రాజెక్టులో మూడేళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్ చూస్తున్న అమ్మాయి, డేటా టీమ్‌కి వెళ్లాలనుకుంటోందనుకుందాం. ఆమె మొదట ఇలా రాసుకుంది: “మూడేళ్లుగా టికెట్లే చూస్తున్నాను. ఇక్కడ నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఎదుగుదల ఉన్న టీమ్‌కి మార్చండి.” మేనేజర్ పేరు ఎత్తలేదు, తిట్టలేదు. అయినా ప్రతి వాక్యం ఆయనకే తగులుతుంది. ‘ఇక్కడ లేదు’, ‘అక్కడైతే ఉంది’ అనే పోలికే విమర్శ.

పోలిక తీసేసి, వెళ్లబోయే పని గురించి రాస్తే మెయిల్ ఇలా మారుతుంది: “సపోర్ట్‌లో ఫెయిలైన లావాదేవీల కారణాలు వెతకడానికి రోజూ ఎస్‌క్యూఎల్ రాస్తున్నాను. ఆ పనినే పూర్తిస్థాయిలో చేయాలని డేటా టీమ్‌లో ఖాళీకి దరఖాస్తు చేస్తున్నాను. నెలాఖరు సెటిల్‌మెంట్ పని ప్రస్తుతం నా ఒక్కదాని చేతిలో ఉంది. దాన్ని రాసిపెట్టి, వచ్చేవారికి రెండు నెలాఖరులు దగ్గరుండి చూపించాక రిలీజ్ ఇవ్వగలరని కోరుతున్నాను.”

ఈ చివరి రెండు వాక్యాలే అసలైనవని నా అభిప్రాయం. రిలీజ్ ఆపే మేనేజర్‌కి సాధారణంగా ఉండేది కక్ష కాదు, ఆ పని ఎవరు చేస్తారన్న భయం. ఏ పని, ఎవరికి, ఎన్నాళ్లలో అప్పగిస్తామో రాస్తే ఆయన కాదనడం కష్టమవుతుంది. మెయిల్ పంపే ముందు ఆయనతో నోటిమాటగా చెప్పడం మరవకూడదు. అప్రైజల్ రేటింగ్ వచ్చిన వారంలో పంపితే మాత్రం ఎంత మర్యాదగా రాసినా అలకగానే చదువుకుంటారు.

వేధింపు ఉన్నప్పుడు లెక్క వేరు. దాన్ని బదిలీ మెయిల్లో సగం సగం కలిపితే, టీమ్ మార్చేసి సమస్య తీరిందనుకుంటారు, ఫిర్యాదు మరుగున పడుతుంది. లైంగిక వేధింపైతే 2013 చట్టం కింద మహిళలు అంతర్గత కమిటీకి విడిగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ సాగుతుండగా తనను గానీ, ఎదుటివ్యక్తిని గానీ వేరేచోటికి మార్చమని ఆ కమిటీనే రాతపూర్వకంగా కోరవచ్చు.