ఐదో కాలమ్‌లో ఏముంది?

రాత్రి తొమ్మిదయ్యేసరికి ఒక చిన్న ప్రోగ్రాం దానంతట అదే మొదలవుతుంది. మార్కెట్ యార్డుల ధరలు పెట్టే వెబ్‌సైట్ తెరిచి, ఆ రోజు మిర్చి, పత్తి, పసుపు ఎంత పలికాయో చదివి తన పట్టికలో రాసుకుంటుంది. వెబ్ పేజీల్లోంచి ఇలా సమాచారం ఏరి తెచ్చే ప్రోగ్రాంనే స్క్రేపర్ అంటారు. దాన్ని రాసిన ఉద్యోగి శుక్రవారంతో మానేస్తున్నాడనీ, సోమవారం నుంచి ఆ బాధ్యత పక్క సీటులోని అమ్మాయిదనీ అనుకుందాం. అతను ఆమెకు రాసిచ్చే అప్పగింత నోట్‌లో ఏముండాలి?

కొత్త కంప్యూటర్‌లో దాన్ని మళ్లీ నిలబెట్టడం ఎలాగో ముందు రాయాలి. ఇది రెండు లైన్ల పని:

```
python3 -m venv .venv
.venv/bin/pip install -r requirements.txt
```

మొదటి లైను ఈ ప్రోగ్రాంకి విడిగా ఒక గది కట్టిస్తుంది. రెండోది దానికి కావలసిన లైబ్రరీలను అందులో దింపుతుంది. `requirements.txt`లో ప్రతి లైబ్రరీ వెర్షన్ నంబరూ ఉండాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత కొత్త వెర్షన్ దిగి, నిన్నటిదాకా నడిచిన కోడ్ మొరాయించవచ్చు. పాస్‌వర్డులు మాత్రం నోట్‌లో రాయకూడదు. అవి ఎక్కడ భద్రపరిచారో చెబితే చాలు.

ఇక వేళ సంగతి. రోజూ ఒకే సమయానికి ప్రోగ్రాంను లేపే పని లినక్స్‌లో క్రాన్‌ది.

```
30 15 * * * cd /home/dharalu && .venv/bin/python scrape.py >> scrape.log 2>&1
```

ఇది మధ్యాహ్నం మూడున్నర కదా అని కొత్తగా చూసేవాళ్లు కంగారు పడతారు. చాలా సర్వర్ల గడియారం యూటీసీలో ఉంటుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ 15:30 అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది. నోట్‌లో ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో చూడండి. ఆమె ఎప్పుడైనా దీన్ని మన తెల్లవారుజామున రెండు గంటలకు మార్చిందనుకోండి, సర్వర్ దృష్టిలో అది ఇంకా నిన్నే. ప్రోగ్రాం తేదీని సర్వర్ నుంచి తీసుకుంటుంటే ధరలన్నీ ఒక రోజు వెనక్కి నమోదవుతాయి.

వెబ్‌సైట్ 429 అని జవాబిస్తే, మరీ తొందరతొందరగా అడుగుతున్నావని అర్థం. ఆ జవాబుతో పాటు `Retry-After` వస్తే అది చెప్పినంతసేపు ఆగాలి, రాకపోతే పేజీకీ పేజీకీ మధ్య విరామం పెంచాలి. 403 వస్తే ప్రవేశం నిరాకరించారన్నమాట. అడ్డదారి వెతక్కుండా, ఆ సైట్ `robots.txt`, నిబంధనలు మారాయేమో చూడాలి, నిర్వాహకులను అడగాలి. ఇవి లాగ్‌లో ఎర్రగా కనిపించే లోపాలు, దొరికిపోతాయి.

దొరకనివే నిజంగా ప్రమాదం. ఆ ధరల పట్టికలో ఐదు కాలమ్‌లున్నాయి: మార్కెట్, సరుకు, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. మోడల్ అంటే ఎక్కువ సరుకు చేతులు మారిన ధర. స్క్రేపర్‌కి కావలసింది అదే కాబట్టి, ఐదో కాలమ్ తీసుకోమని కోడ్‌లో రాశారు. ఒకరోజు వెబ్‌సైట్‌వాళ్లు సరుకు పక్కన ‘రకం’ అనే కాలమ్ చేర్చారు, మిర్చిలో తేజ వంటి రకాలు విడిగా కనిపించడానికి. అంతే, మిగతావన్నీ ఒక గడి కుడికి జరిగాయి. ఐదో స్థానంలోకి గరిష్ఠ ధర వచ్చి కూర్చుంది. క్వింటాకు 14,800 రాయాల్సిన చోట 16,500 పడింది. రెండూ నమ్మదగ్గ అంకెలే. ప్రోగ్రాం ఏ లోపమూ చూపకుండా ముగిసింది, వరుసల సంఖ్య కూడా తగ్గలేదు.

పసిగట్టే ఆనవాలు ఒకటుంది: ఒకే రోజున అన్ని మార్కెట్లలో, అన్ని సరుకుల ధరలూ కలిసి పైకి లేస్తాయి. మిర్చి పెరగవచ్చు, పసుపు పెరగవచ్చు, అన్నీ కూడబలుక్కుని పెరగడం మాత్రం అరుదు.

మందు కూడా నోట్‌లోనే ఉండాలి. కాలమ్‌ను అంకెతో కాకుండా దాని శీర్షిక పేరుతో వెతకాలి. ఆ పేరు కనబడకపోతే ప్రోగ్రాం ఆగిపోయి కబురు పంపాలి. మూడు ధరలూ తెచ్చుకుని, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే మోడల్ ఉందా అని సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యం, తెచ్చిన పేజీని ప్రతి రాత్రీ యథాతథంగా దాచాలి. దాచి ఉంటే, తప్పు నాలుగో రోజున బయటపడినా కోడ్ దిద్ది, ఆ నాలుగు పేజీలనూ మళ్లీ చదివించి సరైన ధరలు రాసుకోవచ్చు. లేకపోతే, పాత తేదీల ధరలు సైట్‌లో దొరక్కపోతే, అవి పోయినట్లే.

శుక్రవారం లోపు ఇద్దరూ కలిసి ఒక పరీక్ష చేయాలి. దాచిన పేజీల్లో ఒకదాన్ని కాపీ తీసి, అందులో మోడల్ ధర శీర్షికను ఆమె చేత్తోనే మార్చాలి. దాన్ని స్క్రేపర్‌కి ఇచ్చి, కబురు ఆమె ఫోన్‌కి వస్తుందో, వెళ్లిపోతున్నవాడి ఫోన్‌కే ఇంకా వెళ్తుందో చూసుకోవాలి.