ముక్కు గొట్టంలో ఎంత పోయాలి?

సెలైన్ ఎక్కుతోంది కదా, బలానికి ఢోకా లేదు అనుకుంటారు ఆసుపత్రి వరండాలో కూర్చున్న బంధువులు. మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్లు. అందులో ఒక్క క్యాలరీ కూడా ఉండదు. డెక్స్‌ట్రోజ్ కలిసిన 5 శాతం సీసా పెడితే లీటరుకు 50 గ్రాముల చక్కెర వెళ్తుంది. అది 170 క్యాలరీలు, అంటే సుమారు మూడు ఇడ్లీల పాటి. రోజుకు రెండు సీసాలు పెట్టినా పెద్దమనిషికి కావలసిన దాంట్లో నాలుగో వంతు కూడా అందదు. ప్రొటీన్ అసలే ఉండదు. ఆ సీసా ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసేందుకే తప్ప ఆకలి తీర్చేందుకు కాదు.

నోటితో తినలేని మనిషికి నిజంగా తిండి పెట్టే దారులు రెండు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి ద్రవాహారం పంపడం ఒకటి. దీన్ని ఎంటరల్ ఫీడింగ్ అంటారు. పేగును పక్కనపెట్టి, చక్కెర, అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు, విటమిన్లు కలిపిన ద్రావణాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కించడం రెండోది. దీని పేరు పేరెంటరల్ న్యూట్రిషన్. పేగు పనిచేస్తున్నంత కాలం మొదటి దారే మేలు అన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే సూత్రం. అందులో ఖర్చు తక్కువ, రక్తంలో ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ, పైగా ఆహారం తగులుతుంటేనే పేగు గోడ ఆరోగ్యంగా ఉంటుంది. పేగు మూసుకుపోయినా, చాలా భాగం తీసేసినా, ఎటో కారుతున్నా అప్పుడు రక్తనాళం దారి పట్టాలి.

క్లినికల్ న్యూట్రిషన్ చదివేవాళ్ల పరీక్ష పేపర్లలో ట్యూబ్ ఫీడ్ లెక్క తరచూ వస్తుంది. చూడటానికి ఎనిమిదో తరగతి గుణకారాలు, భాగహారాలే. మనిషి మంచం పక్కన అదే లెక్క ఎక్కడెక్కడ జారిపోతుందో తెలియాలంటే ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూడాలి.

పక్షవాతం వచ్చి, గుటక వేయలేని 62 ఏళ్ల ఆవిడ ఉందనుకుందాం. మంచినీళ్లు తాగించినా పొలమారుతోంది. బరువు 60 కిలోలు. గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయి. జబ్బు పడేదాకా శుభ్రంగా తిన్నది. మన వైపు రైల్స్ ట్యూబ్ అని పిలిచే గొట్టం వేశారు. బ్రిటిష్ డాక్టర్ జాన్ రైల్ పేరే దానికి వచ్చింది. ఎంత లోతు వేయాలో ముక్కు కొన నుంచి చెవి తమ్మెకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొనకు కొలిచి చూస్తారు. గొట్టం ఊపిరితిత్తుల్లోకి కాక కడుపులోకే చేరిందని రూఢిగా చెప్పేది ఎక్స్‌రే. లోపలి రసం కొంచెం లాగి ఆమ్లగుణం చూడటం ఇంకో పద్ధతి. గాలి ఊది, స్టెతస్కోప్ పెట్టి చప్పుడు వినే పాత అలవాటును నమ్మడానికి లేదు. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి చప్పుడే రావచ్చు.

ఇక లెక్క. కిలోకు 25 క్యాలరీల చొప్పున 60 కిలోలకు రోజుకు 1500 క్యాలరీలు కావాలి. మిల్లీలీటరుకు ఒక క్యాలరీ ఇచ్చే మామూలు ఫీడ్ తీసుకుంటే 1500 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకోసారి, రోజుకు ఆరుసార్లు ఇస్తే విడతకు 250. చాలామంది విద్యార్థులు ఇక్కడే కింద గీత గీసి జవాబు రాసేస్తారు. సగం లెక్క ఇంకా మిగిలే ఉంది.

ప్రొటీన్ చూద్దాం. జబ్బులో ఉన్న మనిషికి కిలోకు 1.2 గ్రాములు అనుకుంటే 72 గ్రాములు కావాలి. ఈ ఫీడ్‌లో లీటరుకు 40 గ్రాములు ఉందనుకుంటే లీటరున్నరకు 60 వస్తుంది. 12 గ్రాములు లోటు. దాని కోసం ఫీడ్‌నే 1800 మిల్లీలీటర్లకు పెంచితే ప్రొటీన్ సరిపోతుంది గానీ, అక్కర్లేని 300 క్యాలరీలు మీద పడతాయి. మంచంలో కదలకుండా ఉన్న మనిషికి, అందులోనూ షుగర్ ఉంటే, అది మంచిది కాదు. అందుకే ఫీడ్ పెంచకుండా ప్రొటీన్ పొడి వేరుగా కలుపుతారు. నూటికి 80 పాళ్లు ప్రొటీన్ ఉన్న పొడి 15 గ్రాములైతే ఆ 12 గ్రాముల లోటు తీరిపోతుంది.

తర్వాత నీళ్లు. ఎక్కువమంది మరిచిపోయేది వీటినే. కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున ఈవిడకు రోజుకు 1800 కావాలి. 1500 మిల్లీలీటర్ల ఫీడ్ ఇస్తున్నాం కాబట్టి 300 నీళ్లు పోస్తే చాలనిపిస్తుంది. కానీ ఫీడ్ అంతా నీరు కాదు. ఒక క్యాలరీ ఫీడ్‌లో నూటికి 84 పాళ్లే నీరు. అంటే 1500లో నీరు 1260. లోటు 540. ఆరు విడతలకు పంచితే ఒక్కో ఫీడ్‌కు 90, అంటే ముందు 45, తర్వాత 45. ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి కూడా. మాత్రలు నూరి కలిపి పోసే నీళ్లు రోజుకు 120 అయితే వాటినీ ఈ 540లోంచే తీసేయాలి. జ్వరమో విరేచనాలో ఉంటే నీళ్లు పెరగాలి, గుండె నీరసించినా కిడ్నీ దెబ్బతిన్నా తగ్గాలి. 30 అన్నది మొదలుపెట్టే అంకె మాత్రమే.

నీళ్ల లెక్క ఎందుకంత ముఖ్యమో చిక్కటి ఫీడ్ వాడినప్పుడు తెలుస్తుంది. మిల్లీలీటరుకు ఒకటిన్నర క్యాలరీ ఇచ్చేదాన్ని తెస్తే లీటరుతోనే 1500 క్యాలరీలు అయిపోతాయి. ఇచ్చేవాళ్లకు పని తేలిక. కానీ అందులో నీరు సుమారు 760 మాత్రమే, లోటు 1040కి పెరుగుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే నాలుగైదు రోజుల్లో మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మనిషి మగతగా ఉంటుంది, రక్తపరీక్షలో సోడియం పైకి పోతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పక్షవాతం ముదిరిందనుకుంటారు.

పొడి కలపడంలోనూ ఒక మెలిక ఉంది. 100 గ్రాములకు 450 క్యాలరీలిచ్చే డబ్బా అయితే 250 క్యాలరీలకు 55 గ్రాముల పొడి కావాలి. దాన్ని 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేస్తే మొత్తం 290 దాకా అవుతుంది, ఎందుకంటే పొడి కూడా చోటు తీసుకుంటుంది. అందులోంచి 250 కొలిచి పోస్తే ఆమెకు వెళ్లేది 215 క్యాలరీలే. ముందు కొద్ది నీళ్లలో పొడి కలిపి, తర్వాత మొత్తం 250 అయ్యేలా నీళ్లు పోయాలి. డబ్బాలోని చెంచాను తలకొట్టి కొలవకుండా గోపురంలా తీసినా లెక్క తప్పుతుంది.

ఐసీయూలో విడతలుగా కాక పంపుతో సన్నగా ఎక్కిస్తారు. 1500ను 20 గంటలకు పంచితే గంటకు 75. ఉదయం ఆరింటికి మొదలై రాత్రి రెండింటికి అయిపోవాలి. పదింటికి స్కానింగ్ కోసం ఆపి, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మొదలెట్టారనుకోండి. అప్పటికి వెళ్లింది 300. గంటకు 75 చొప్పునే రెండింటి దాకా నడిపితే ఇంకో 825 వెళ్తుంది. మొత్తం 1125, అంటే రోజు తిండిలో నాలుగో వంతు మాయం. కాగితం మీద మాత్రం గంటకు 75 అని నిక్షేపంగా ఉంటుంది. దీనికి విరుగుడుగా గంట లెక్కను కాకుండా రోజు లెక్కను పట్టుకునే పద్ధతి వచ్చింది. మిగిలిన 1200ను మిగిలిన 11 గంటలకు పంచి పంపును 109కి పెంచడమన్నమాట. గంటకు ఇంతకు మించకూడదని ఒక హద్దు, సాధారణంగా 150, పెట్టుకుంటారు. తల వైపు మంచం కనీసం 30 డిగ్రీలు ఎత్తి ఉంచడం, కడుపు ఉబ్బరం, వాంతులు గమనించడం ఎలాగూ తప్పవు.

అయినా 1500 అన్న గురి అంత పవిత్రమైందా? 2018లో వెలువడిన టార్గెట్ అనే పరిశోధనలో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో వెంటిలేటర్ మీదున్న సుమారు 4000 మందికి ఒకే వేగంతో ఫీడ్ ఇచ్చారు. సగం మందికి ఒక క్యాలరీది, మిగతా సగానికి ఒకటిన్నరది. 90 రోజులకు చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రాణం మీదున్న తొలి రోజుల్లో క్యాలరీలు కుమ్మరించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదన్నమాట. వారాల తరబడి ముక్కు గొట్టంతో ఇంట్లో ఉండే మన పక్షవాతపు ఆవిడకు ఈ మాట వర్తించదు. ఆవిడకు అసలు ముప్పు తక్కువ పడటంలోనే ఉంది.

ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో చూడండి. గొట్టం అడ్డుపడుతుందేమోనని రాగి జావ పలచగా కాచి వడకడతారు. 250 మిల్లీలీటర్లలో 20 గ్రాముల పిండి, కొంచెం పాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం రాగులు 100 గ్రాములకు సుమారు 320 క్యాలరీలు. ఆ లెక్కన పాలతో కలిపి విడతకు 100 క్యాలరీలు, ఆరుసార్లకు 600. కావలసిన దాంట్లో సగం కూడా లేదు. పప్పు కట్టు పోసినా అంతే, పప్పు జల్లెడలోనే ఉండిపోతుంది. మొలకెత్తించి, ఎండబెట్టి, మర పట్టిన రాగి పిండి ఇక్కడ పనికొస్తుంది. మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల, ఎక్కువ పిండి వేసినా జావ చిక్కబడదు. ఇంట్లో చేసినదేదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. వారానికోసారి బరువు చూడగలిగితే తక్కువ పడుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇదే మనిషి పది రోజులు సెలైన్ మీదే ఉండి, ఆ తర్వాత గొట్టం వేయించుకుని ఉంటే మొదటి రోజే 1500 ఇవ్వడం ప్రమాదం. ఉపవాసంలో ఉన్న ఒంటికి ఒక్కసారిగా చక్కెర అందితే ఇన్సులిన్ పొంగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు సడలిపోవచ్చు. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు దీన్ని. అందుకే కిలోకు 10 క్యాలరీలతో, అంటే ఈవిడకు 600తో మొదలుపెట్టి, థయమిన్ ముందే ఇచ్చి, రోజూ ఆ లవణాలు పరీక్షిస్తూ మెల్లగా పెంచుతారు.

పేగే పనిచేయకపోతే అదే 1500ను రక్తనాళం లెక్కలోకి మార్చాలి. 72 గ్రాముల అమైనో ఆమ్లాలు, గ్రాముకు నాలుగు చొప్పున 288 క్యాలరీలు. 20 శాతం కొవ్వు ద్రావణం 250 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు రెండు చొప్పున 500. మిగిలిన 712 డెక్స్‌ట్రోజ్ నుంచి రావాలి. ఇక్కడ గ్రాముకు నాలుగు అని వేస్తే తప్పు. సీసాలోని డెక్స్‌ట్రోజ్ కణంలో నీరు కూడా కలిసి ఉంటుంది కాబట్టి గ్రాముకు 3.4 మాత్రమే. అలా 209 గ్రాములు అవుతుంది. ఇంత గాఢమైన ద్రావణం చేతి నరంలో ఎక్కిస్తే నరం మండి మూసుకుపోతుంది. గుండె దగ్గరి పెద్ద సిర దాకా గొట్టం వేయాల్సిందే. అమెరికా సర్జన్ స్టాన్లీ డడ్రిక్ 1960లలో బీగిల్ కుక్కపిల్లలను ఈ దారిలోనే పెంచి, నోటితో ఏమీ తినకపోయినా ఎదగవచ్చని చూపించాడు. ఈ గొట్టం వేశాక రక్తంలో చక్కెర తరచూ చూడాలి. చలితో జ్వరం వస్తే ముందు అనుమానించాల్సింది ఆ గొట్టాన్నే.