హిస్టిడిన్ తోకగల ప్రోటీన్ శుద్ధి: దిగుబడి తగ్గినప్పుడు కారణాన్ని గుర్తించే విధానం

వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్‌ను ఎలైసా పరీక్ష ద్వారా గుర్తించడానికి ప్రతిరక్షకాలు కావాలి. వాటిని తయారుచేయడానికి శుద్ధమైన వైరస్ ప్రోటీన్ కావాలి. మొక్క నుంచి వైరస్ కణాలను చెడిపోకుండా వేరుచేయడం కష్టం కనుక, 276 అమైనో ఆమ్లాలుగల దాని న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ జన్యువును ఇ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టి ప్రోటీన్‌ను ఉత్పత్తి చేయడం పరిపాటి. ఆ ప్రోటీన్ చివర ఆరు హిస్టిడిన్‌ల తోకను చేర్చితే నికెల్ రెజిన్‌పై ఒకే దశలో చాలావరకు శుద్ధి చేయవచ్చు. అయితే జెల్‌పై ప్రోటీన్ పుష్కలంగా కనిపించినప్పటికీ, చివరకు చేతికి అందేది స్వల్పమే కావడం ప్రయోగశాలలలో తరచు ఎదురయ్యే సమస్య. పోయిన ప్రోటీన్ ఏ దశలో పోయిందో తెలిస్తే కారణం దాదాపు తెలిసినట్లే.

బంధం ఏర్పడే తీరు

నికెల్ అయాన్‌కు ఆరు బంధ స్థానాలు ఉంటాయి. వాటిలో నాలుగింటిని రెజిన్‌కు అతికించిన నైట్రిలోట్రైఎసిటిక్ ఆమ్లం ఆక్రమిస్తుంది. మిగిలిన రెండింటికి హిస్టిడిన్‌లోని ఇమిడజోల్ వలయాలు అంటుకుంటాయి. ఈ వలయం పీహెచ్ 6 సమీపంలో ప్రోటాన్‌ను గ్రహిస్తుంది, ప్రోటాన్ చేరిన వలయం నికెల్‌ను పట్టలేదు. అందువల్లనే బంధన ద్రావణం పీహెచ్ 7.5 – 8.0 మధ్య ఉండాలి. స్వేచ్ఛా ఇమిడజోల్‌ను అధికంగా చేర్చితే అది అదే స్థానాల కోసం పోటీపడి ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది.

సాధారణ విధానంలో 50 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, 300 మిల్లీమోలార్ ఉప్పుగల ద్రావణాన్ని పీహెచ్ 8.0 వద్ద వాడతారు. దీనిలో ఇమిడజోల్ గాఢత బంధన సమయంలో 10, కడిగేటప్పుడు 20 – 40, విడుదలకు 250 మిల్లీమోలార్లుగా ఉంటుంది. బంధన ద్రావణంలో ఆ కొద్దిపాటి ఇమిడజోల్ లేకపోతే, సహజంగానే హిస్టిడిన్‌లు అధికంగాగల బాక్టీరియా ప్రోటీన్లు కూడా రెజిన్‌కు అంటుకుంటాయి.

నమూనాలను సమపాళ్ళలో పోల్చడం

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక లీటరు కల్చర్ కణాలను 20 మి.లీ. ద్రావణంలో సోనికేషన్‌తో పగులగొట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట ద్రావణాన్ని 1 మి.లీ. రెజిన్ కాలమ్ గుండా పంపినారనుకుందాం. కాలమ్‌కు అంటుకోకుండా జారిపోయిన ఫ్లో-త్రూ 20 మి.లీ., కడుగు ద్రావణం 40 మి.లీ., విడుదల ద్రావణం 4 మి.లీ. వచ్చాయి. ప్రతి దాని నుంచి 10 మైక్రోలీటర్లు జెల్‌పై వేయగా, విడుదల ద్రావణంలో గాఢమైన పట్టీ, ఫ్లో-త్రూలో పలుచని పట్టీ కనిపించాయి. శుద్ధి విజయవంతమైనట్లు తోస్తుంది.

కానీ ఆ 10 మైక్రోలీటర్లు విడుదల ద్రావణంలో 400వ వంతు కాగా, ఫ్లో-త్రూలో 2000వ వంతు మాత్రమే. అంటే ఫ్లో-త్రూ పట్టీ అయిదో వంతు గాఢతతో ఉన్నా, అక్కడ పోయిన ప్రోటీన్ లభించినదానితో సమానమే. ఫ్లో-త్రూ 10, కడుగు ద్రావణం 20, విడుదల ద్రావణం 2 మైక్రోలీటర్ల చొప్పున వేస్తే అన్నీ 2000వ వంతులే అవుతాయి, పట్టీలను నేరుగా పోల్చవచ్చు. కణాల మొత్తం ద్రావణం, సెంట్రిఫ్యూజ్‌లో అడుగున చేరిన మడ్డి, విడుదల తరువాతి రెజిన్ నమూనాలను కూడా ఇదే పాళ్ళలో చేర్చాలి.

ప్రోటీన్ మడ్డిలో ఉంటే

ఇది బంధన లోపం కాదు, ప్రోటీన్ కరగకుండా ముద్దకట్టిన ఫలితం. కల్చర్‌ను 37 డిగ్రీలకు బదులు 18 డిగ్రీల వద్ద రాత్రంతా పెంచి, ఐపీటీజీని 0.1 – 0.2 మిల్లీమోలార్‌కు తగ్గిస్తే కరిగే భాగం పెరగవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే మడ్డిని 8 మోలార్ యూరియాలో కరిగించి, యూరియా సమక్షంలోనే శుద్ధి చేయవచ్చు. అయితే మడత విడిపోయిన ప్రోటీన్‌తో తయారైన ప్రతిరక్షకాలు వైరస్‌లోని సహజ రూపాన్ని అంత బలంగా గుర్తించకపోవచ్చు. కనుక అవి ఎలైసాకు పనికివచ్చేదీ లేనిదీ తెగులు సోకిన ఆకుల రసంతో ముందుగా పరీక్షించుకోవాలి.

ప్రోటీన్ ఫ్లో-త్రూలో ఉంటే

పై ఉదాహరణ ఈ కోవకే చెందుతుంది. మొదట రెజిన్ రంగును గమనించాలి. నీలిరంగు పోయి తెల్లబడితే, ఈడీటీఏ నికెల్‌ను లాగివేసినట్లు అర్థం. ప్రోటియేజ్ నిరోధక మాత్రలలో కొన్నింటిలో ఈడీటీఏ ఉంటుంది కాబట్టి, అది లేని రకాన్నే వాడాలి. గోధుమరంగుకు మారితే డీటీటీ వంటి క్షయకరణి నికెల్‌ను క్షయకరించినట్లు భావించాలి. తరువాత కణాలను పగులగొట్టిన ద్రావణం పీహెచ్‌ను మరల కొలవాలి. ఇమిడజోల్ క్షార స్వభావం కలది కనుక దాని నిల్వ ద్రావణాన్ని కూడా పీహెచ్ 8.0కు సరిచేసిన తరువాతనే కలపాలి.

రంగు, పీహెచ్ సవ్యంగా ఉంటే, ఫ్లో-త్రూలో కొంత భాగాన్ని కొత్త రెజిన్‌తో 4 డిగ్రీల వద్ద ఒక గంట కలిపి చూడాలి. ప్రోటీన్ ఇప్పుడు అంటుకుంటే, మొదటి రెజిన్ చాలలేదని లేదా ద్రావణం వేగంగా జారిపోయిందని తేలుతుంది. అనేక నికెల్ రెజిన్ల సామర్థ్యం మి.లీ.కు 5 – 10 మి.గ్రా. ఉంటుంది. 10 మి.గ్రా. ప్రోటీన్ ఉన్న ద్రావణానికి 1 మి.లీ. రెజిన్ సరిపోకపోవచ్చు, 2 మి.లీ. ఉంటే సరిపోతుంది. అలాగని 10 మి.లీ. వాడితే ఖాళీ స్థానాలను ఇతర ప్రోటీన్లు ఆక్రమించి శుద్ధత తగ్గుతుంది.

కొత్త రెజిన్‌కూ అంటుకోకపోతే, అదే ప్రయోగాన్ని 8 మోలార్ యూరియాలో చేయాలి. అప్పుడు అంటుకుంటే తోక ప్రోటీన్ మడతల లోపల దాగి ఉన్నదని అర్థం. తోకను రెండవ చివరకు మార్చడమో, మధ్యలో అనువైన అమైనో ఆమ్లాల వారధిని చేర్చడమో దీనికి పరిష్కారం. యూరియాలోనూ అంటుకోకపోతే తోక అసలు లేదేమోనని అనుమానించాలి. ఉదాహరణకు, పెట్-28ఎ వాహకంలో జన్యువును ఎన్‌కో-1 స్థానం వద్ద చేర్చితే ముందువైపు తోక తొలగిపోతుంది. జన్యువు చివరి స్టాప్ కోడాన్‌ను తొలగించకపోతే వెనుకవైపు తోక కూడా ఏర్పడదు. హిస్టిడిన్ తోకను గుర్తించే ప్రతిరక్షకంతో వెస్టర్న్ బ్లాట్ చేసి, ప్లాస్మిడ్ క్రమాన్ని చదివిస్తే ఇది తేలిపోతుంది.

కడుగు ద్రావణంలో లేదా రెజిన్‌పై ఉంటే

కడుగు ద్రావణంలో పట్టీ ఉంటే ఇమిడజోల్‌ను 40 నుంచి 20 మిల్లీమోలార్లకు తగ్గించాలి. విడుదల తరువాత కూడా రెజిన్‌పై ప్రోటీన్ మిగిలితే, ఇమిడజోల్‌ను 500 మిల్లీమోలార్లకు పెంచి, ద్రావణాన్ని పది నిమిషాలు కాలమ్‌లో నిలిపి విడుదల చేయాలి. అప్పటికీ రాకపోతే ప్రోటీన్ కాలమ్‌పైనే పేరుకుపోయినట్లు భావించి, మరుసటిసారి రెజిన్‌పై తక్కువ ప్రోటీన్‌ను ఎక్కించాలి.

దిగుబడిని కొలవడంలో జాగ్రత్త

ఇమిడజోల్ కూడా 280 నానోమీటర్ల వద్ద కొంత కాంతిని గ్రహిస్తుంది. నీటిని ప్రమాణంగా తీసుకుని కొలిస్తే దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది. కనుక విడుదల ద్రావణాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. పైగా ఈ న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ సహజంగా ఆర్.ఎన్.ఏ.ను పట్టుకునేది. 260 నానోమీటర్ల విలువ 280 విలువను మించితే బాక్టీరియా ఆర్.ఎన్.ఏ. వెంట వచ్చినట్లు గ్రహించి, ఉప్పును 500 మిల్లీమోలార్లకు పెంచి కడగాలి. ఇటువంటి నమూనాలలో బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష విలువే ఎక్కువ నమ్మదగినది. చివరగా, ప్రోటీన్ ముద్దకట్టకుండా ఇమిడజోల్‌ను ఒకేసారి కాక, రెండు మూడు దశలలో డయాలిసిస్ ద్వారా తొలగించాలి.