లోపాలు అడిగిన అధికారికి థ్యాంక్యూ మెయిల్

రెండో ఇంటర్వ్యూ తర్వాత పంపే థ్యాంక్యూ మెయిల్ మొదటి ఇంటర్వ్యూ తర్వాత పంపేదాని లాంటిది కాదు. మొదటి రౌండులో హెచ్ఆర్ ఉద్యోగో, టీమ్ మేనేజరో కూర్చుని అర్హతలు సరిపోయాయో లేదో చూస్తారు. ఆ తర్వాత రెండు వాక్యాల మర్యాద సరిపోతుంది. రెండో రౌండులో డైరెక్టర్ స్థాయి మనిషి రెజ్యూమె పక్కన పెట్టి, "మీలో నాకు కనిపిస్తున్న లోటు ఇది. ఏమంటారు?" అని సూటిగా అడిగితే పరిస్థితి మారిపోతుంది. అభ్యర్థి లేచి వచ్చేశాక కూడా ఆ అధికారి మనసులో ఒక సందేహం మిగిలి ఉంటుంది. దాని ఊసే ఎత్తకుండా "మీ విలువైన సమయానికి కృతజ్ఞతలు" అని ముగించిన మెయిల్ వెళ్లినా వెళ్లనట్టే. అదే సందేహం మీద పేజీన్నర వాదించిన మెయిల్ అయితే ఉన్న మంచిపేరునూ చెడగొడుతుంది.

ఈ అలవాటు మన ఆఫీసులకు ఎక్కువగా అమెరికన్ కంపెనీల ద్వారా వచ్చింది. తెలుగువాళ్లకు నోటితో థ్యాంక్స్ చెప్పడమే కొంచెం మొహమాటం. చెప్పాల్సి వస్తే వినయం ఒక పాలు ఎక్కువే పడుతుంది. పై అధికారికి రాసే ఉత్తరంలో ఆ వినయం క్షమాపణగా మారిపోవడం తరచూ కనిపించే పొరపాటు. "నిన్న సరిగ్గా జవాబు చెప్పలేకపోయినందుకు మన్నించండి" అన్న వాక్యం రాసినవాళ్లకు మర్యాదగానే తోస్తుంది. చదివేవాళ్లకు మాత్రం అంతవరకు తోచని సంగతిని అది గుర్తు చేస్తుంది: నిన్న ఈ మనిషి సరిగ్గా జవాబు చెప్పలేదు.

పెద్ద అధికారి బలహీనతల గురించి అడిగేది అభ్యర్థిని చిన్నబుచ్చడానికి కాదు. ఆ కుర్చీలో ఈ మనిషిని కూర్చోబెడితే పని ఎక్కడ దెబ్బతినవచ్చో ముందే తెలుసుకోవడం ఆయన బాధ్యత. ఆయన కొలిచేవి ముఖ్యంగా రెండు. తన లోటు ఎంతో అభ్యర్థికి సరిగ్గా తెలుసా అన్నది ఒకటి. ఆ మాట వినగానే ముఖం ముడుచుకుందా, ఆలోచనలో పడిందా అన్నది రెండోది. మెయిల్ ఈ రెండింటికీ ఇంకో సాక్ష్యం అవుతుంది. ఇంటర్వ్యూలో తడబడిన మనిషి కూడా మర్నాటికి నిదానంగా, ఉన్నదున్నట్టు రాయగలిగితే రెండో కొలతలో కొంత కూడదీసుకోవచ్చు.

అందుకే మెయిల్ పని ఇంటర్వ్యూ అయిన అరగంటలోపే మొదలవుతుంది. బయటకు రాగానే అధికారి అడిగిన కఠినమైన ప్రశ్నలను ఆయన మాటల్లోనే కాగితం మీద రాసుకోవాలి. సాయంత్రానికి మాటలు మారిపోతాయి. "ఇంత పెద్ద టీమ్‌ను నడపలేదు కదా" అన్న ప్రశ్న "నా మీద నమ్మకం లేదన్నారు" అనే బాధగా గుర్తుంటుంది. ఆ బాధకు రాసే జవాబు వేరు, ఆ ప్రశ్నకు రాసే జవాబు వేరు. రాసుకున్న ప్రశ్నల్లో అసలైనది ఏదో పోల్చుకోవడం కష్టం కాదు. మాటలు మార్చి రెండుసార్లు అడిగినదే ఆయన నిజమైన సందేహం. వేరే విషయంలోకి వెళ్లి చివర్లో మళ్లీ తిరిగి వచ్చిన ప్రశ్నా అంతే. మెయిల్‌లో ముట్టుకోవలసింది ఆ ఒక్కదాన్నే.

ఇలాంటి ప్రశ్నలన్నీ ఒక జాతివి కావు. అనుభవం తక్కువన్నది ఒక రకం. దానికి దగ్గరి అనుభవం ఏదైనా ఉంటే చూపాలి. గతంలో జరిగిన వైఫల్యం ఇంకో రకం. అందులో తన వాటా ఎంతో, ఆ తర్వాత పనిచేసే పద్ధతిలో ఏం మార్చుకున్నదీ చెప్పాలి. మూడోది స్వభావం గురించి: కోపం, మెతకదనం, ఎవరికీ పని అప్పగించలేకపోవడం లాంటివి. ఇక్కడ అభ్యర్థి తన గురించి తాను ఏం రాసుకున్నా బరువు తక్కువ. "నాతో మూడేళ్లు పనిచేసిన ఫలానా మేనేజర్‌ను ఈ విషయం నేరుగా అడగవచ్చు" అన్న ఒక్క వాక్యం పది విశేషణాలకన్నా మేలు. కాకపోతే ఆ మేనేజర్‌ను ముందే అడిగి ఒప్పించుకుని ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కొనుగోళ్ల విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒకామె, డయాగ్నస్టిక్ ల్యాబుల గొలుసు ఒకదానిలో కొనుగోళ్ల మేనేజర్ ఉద్యోగానికి వెళ్లింది అనుకుందాం. రెండో రౌండులో ఆపరేషన్స్ అధిపతి అడిగాడు: "మీ కింద ఇప్పుడున్నది నలుగురు. ఇక్కడ పద్దెనిమిది మంది. ఎలా నడుపుతారు?" ఆమె "నేర్చుకుంటాను సర్" అంది. పది నిమిషాల తర్వాత ఆయన ఇంకోలా అడిగాడు: "అన్నీ మీరే చూసుకునే అలవాటు ఉన్నట్టుంది?" ఆమె నవ్వి ఊరుకుంది. లిఫ్టు దిగుతుండగా జవాబు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది పక్క విభాగం సూపర్‌వైజర్ ప్రసూతి సెలవులో ఉన్న ఐదు నెలలూ రెండు విభాగాల్లోని పదకొండు మందినీ ఆమే నడిపింది. మొదటి నెలలో ప్రతి ఆర్డరూ తానే సంతకం చేస్తానని పట్టుబట్టడంతో పని నిలిచిపోయింది కూడా.

ఇంటికెళ్లి రాసిన మొదటి చిత్తు ఇలా ఉంది: తనకు సహజంగానే నాయకత్వ లక్షణాలు ఉన్నాయని, మనుషులతో బాగా కలిసిపోతానని, తన బలహీనత ఏదైనా ఉంటే అది పని పట్ల అతి శ్రద్ధేనని. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ చదివే మనిషి వీటిలో దేన్నీ పరీక్షించి చూడలేడు. చివరిదైతే ఆయన వందసార్లు విన్న మాట. రాత్రి రాసింది మర్నాడు పొద్దున చదివినప్పుడు ఆమెకే నచ్చలేదు. తిరగరాసి పంపినది ఇంగ్లిష్‌లో, సుమారు నూట యాభై మాటల్లో ఉంటుంది. దాని భావం తెలుగులో ఇది:

"నిన్న మధ్యాహ్నం నాతో ముప్పావు గంట మాట్లాడినందుకు థ్యాంక్స్. శాంపిళ్లు ఆలస్యమైతే ల్యాబ్ మీద పడే భారం గురించి మీరు చెప్పిన తర్వాత ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఎక్కడుందో నాకు అర్థమైంది. నలుగురి టీమ్ నుంచి పద్దెనిమిది మంది టీమ్‌కు రావడం గురించి మీరు అడిగారు. అంత పెద్ద టీమ్‌ను నేను నడపలేదన్నది నిజం. దానికి దగ్గరి అనుభవం ఒకటుంది. నిన్న చెప్పలేదు. గత ఏడాది ఐదు నెలలు రెండు విభాగాల్లో కలిపి పదకొండు మందిని చూశాను. మొదటి నెల ఆమోదాలన్నీ నా దగ్గరే ఉంచుకోవడంతో ఆర్డర్లు ఆగిపోయాయి. రెండో నెల నుంచి యాభై వేల రూపాయల లోపువాటికి ఇద్దరు సీనియర్లే సంతకం పెట్టేలా మార్చాను. ఈ విషయం మా విభాగాధిపతి చెప్పగలరు, అవసరమైతే మాట్లాడిస్తాను. ఈ ఉద్యోగం మీద నా ఆసక్తి అలాగే ఉంది."

ఇందులో గమనించవలసింది క్రమం. థ్యాంక్స్ ఒక్క వాక్యంలో అయిపోయింది. తర్వాత ఆయన చెప్పిన విషయాల్లోంచే ఒకటి వచ్చింది, పొగడ్తగా కాకుండా విన్నట్టు రుజువుగా. లోటును ఆయన అన్నంత మేరకే ఒప్పుకుంది, తగ్గించలేదు, పెంచలేదు. సాక్ష్యంలో తన తప్పు కూడా ఉంది, దిద్దుకున్న తీరూ ఉంది, అడిగి తెలుసుకునే దారీ ఉంది. రెండో ప్రశ్నకు వేరే జవాబు రాయలేదు. సంతకాల సంగతే దానికీ జవాబు. పాత ఆసుపత్రి సరఫరాదారుల పేర్లు, ధరలు ఎక్కడా లేవు. అవి రాసి ఉంటే అధికారికి ఇంకో సందేహం పుట్టేది: రేపు మా లెక్కలూ ఇలాగే బయటకు వెళ్తాయా అని.

తప్పు ఒప్పుకుంటే గౌరవం దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం ఒకటుంది. 1966లో ఎలియట్ ఆరన్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు క్విజ్ పోటీకి వచ్చిన వ్యక్తి టేపును విద్యార్థులకు వినిపించారు. ప్రశ్నలకు బాగా జవాబు చెప్పిన వ్యక్తి చివర్లో కాఫీ ఒలకబోసుకుంటే విన్నవాళ్లకు మరింత నచ్చాడు. అంతంతమాత్రంగా చెప్పిన వ్యక్తి అదే పని చేస్తే ఇంకా తక్కువగా నచ్చాడు. ఒలికిన కాఫీకీ ఉద్యోగంలో చేసిన పొరపాటుకీ తేడా ఉంది కానీ హెచ్చరిక పనికొస్తుంది. సామర్థ్యం కనిపించిన చోటే పొరపాటు మనిషిని దగ్గర చేస్తుంది. కాబట్టి అధికారి అడగని కొత్త బలహీనతలను నిజాయితీ పేరుతో మెయిల్‌లోకి తెచ్చుకోవడం అనవసరం.

వివరణ ఒకటి, సవరణ ఒకటి. ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి ఏదైనా తప్పయితే, ఉదాహరణకు నోటీసు పీరియడ్ 90 రోజులుంటే పొరపాటున 60 అని చెప్పి ఉంటే, దాన్ని ఆలస్యం చేయకుండా ఒక్క వాక్యంలో సరిదిద్దాలి. ఇది హెచ్ఆర్‌కు కూడా తెలియాలి. ఆఫర్ దశలో బయటపడితే అది పొరపాటులా కాకుండా దాచినట్టు కనిపిస్తుంది. ఇక పెళ్లి గురించో పిల్లల గురించో అడిగి వాటినే బలహీనతగా చూపించి ఉంటే, దానికి థ్యాంక్యూ మెయిల్‌లో సంజాయిషీ రాయవలసిన పని లేదు. ఆ విషయం హెచ్ఆర్‌తో విడిగా మాట్లాడవలసినది.

సమయం విషయంలో వెసులుబాటు తక్కువ. చాలా కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసినవాళ్లు తమ అభిప్రాయాన్ని అదే రోజో మర్నాడో ఫారంలో నింపేస్తారు. ఆ తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. మెయిల్ ఫారాన్ని మార్చలేకపోయినా ఆ మాటలకు ముందు చేరాలి. సాయంత్రం రాసి, ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున పంపడం మంచి లెక్క. అధికారి చిరునామా ఇవ్వకపోతే ఊహించి పంపకూడదు, వాట్సాప్ నంబరు సంపాదించి అసలు పంపకూడదు. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన రిక్రూటర్‌కే పంపి, ఆయనకు అందించమని అడగాలి. పిలుపు కంపెనీని బట్టి ఉంటుంది. అందరినీ పేరుతో పిలిచే చోట "రెస్పెక్టెడ్ సర్" ఎబ్బెట్టుగా ఉంటుంది. కుటుంబ వ్యాపారంలో పెద్దాయనను ఒట్టి పేరుతో పిలవడం అంతకన్నా ఎబ్బెట్టు. ఇంటర్వ్యూలో ఎలా పిలిచారో మెయిల్‌లోనూ అలాగే పిలిస్తే సరిపోతుంది.

అడిగిన లోటు నిజంగా పూడ్చలేనిదైతే, అంటే ఉద్యోగానికి తప్పనిసరైన లైసెన్సో డిగ్రీయో లేకపోతే, ఏ మెయిలూ దాన్ని మార్చదు. అప్పుడు రెండు వాక్యాల మర్యాదే సరైన ఉత్తరం.

జవాబు రాకపోవడం మామూలే. దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేం. అధికారికి రెండో మెయిల్ పంపకూడదు. ఫలితం చెబుతామన్న తేదీ దాటితే అడగవలసింది రిక్రూటర్‌నే. పంపిన మెయిల్ నకలు మాత్రం దగ్గర ఉంచుకోవాలి. మూడో రౌండుకు పిలుపు వస్తే ప్రశ్నలు అందులోంచే పుట్టవచ్చు. యాభై వేలే ఎందుకు పెట్టారు, ఆ ఇద్దరు సీనియర్లలో ఒకరు తప్పు ఆర్డరుపై సంతకం పెడితే ఏం చేశారు, పాత సూపర్‌వైజర్ తిరిగొచ్చాక ఆ పద్ధతి నిలిచిందా అని ఆయన అడగవచ్చు.