పోస్టు సహాయకురాలిది, మాట యజమానిది

చిన్న వ్యాపారి తన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలను రోజుకు గంటో రెండు గంటలో పనిచేసే సహాయకురాలికి అప్పగించే ముందు రెండు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ఒకటి ఆ పేజీ ఎలా మాట్లాడాలో చెప్పేది, రెండోది ఏ పోస్టుకు ఎవరి అనుమతి కావాలో చెప్పేది.

మొదటి కాగితం విశేషణాలతో నిండితే పనికిరాదు. ‘ఆత్మీయంగా, నమ్మకంగా రాయాలి’ అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడనే తీసుకుందాం. ఆమె స్వయంగా రాసిన పాత పోస్టుల్లో కొనుగోలుదారులు బాగా స్పందించినవి ఓ పది ఏరితే, ఆమె మాటతీరు వాటిలోనే దొరుకుతుంది. ‘మీరు’ అంటుందా, చివర ‘అండి’ చేరుస్తుందా, తెలుగు లిపిలోనే రాస్తుందా, ఎమోజీలు ఎన్ని పెడుతుంది? ఇవే నియమాలవుతాయి. ఒక్కో నియమం పక్కన తప్పు, ఒప్పు రెండూ ఉండాలి.

తప్పు: ‘ఆఫర్! ఆఫర్! ప్రపంచంలోనే బెస్ట్ ఆవకాయ! షుగర్ తగ్గిస్తుంది, త్వరపడండి!!’

ఒప్పు: ‘ఈ ఏడాది ఆవకాయ జాడీల్లోకి ఎక్కిందండి. కారం గుంటూరుది, నూనె నువ్వులది. అరకిలో, కిలో ప్యాకెట్లున్నాయి.’

మొదటిదాంట్లో కేకలు ఒక లోపమైతే, ‘షుగర్ తగ్గిస్తుంది’ అన్నది అసలు ప్రమాదం. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందని ప్రచారం చేయడం మన ఆహార భద్రతా చట్టం ప్రకారం కుదరదు.

అందుకే రెండో కాగితంలో మూడు గదులుంటాయి. ప్యాకింగ్ ఫొటోలు, పండగ శుభాకాంక్షలు అడక్కుండానే పెట్టొచ్చు. ధర, తగ్గింపు, కొరియర్ తేదీలు, ఫిర్యాదుకు జవాబు యజమాని చూశాకే వెళ్లాలి. ఆరోగ్యం గురించిన హామీలు, పోటీదారుల పేర్లు, అనుమతి లేని కొనుగోలుదారుల ఫొటోలు ఎప్పుడూ వద్దు.

వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం అనుకుందాం, సహాయకురాలు వారం పోస్టులన్నీ ఒకే షీటులో రాసిపెడితే యజమాని సోమవారం మధ్యాహ్నంలోగా ‘సరే’ అనో, దిద్దుబాటో రాస్తుంది. జవాబు రాకపోతే ఆ పోస్టు ఆగాలి. మౌనం అంగీకారం కాదని ముందే చెప్పుకోవాలి. వాట్సాప్‌లో ఒక్కొక్కటీ పంపితే ఏది ఒప్పుకున్నారో, ఏది మిగిలిందో రెండు రోజుల్లోనే కలగాపులగమవుతుంది.

దిద్దేటప్పుడు కారణం కూడా రాయాలి. ఒకే దిద్దుబాటు రెండోసారి వచ్చిందంటే తప్పు సహాయకురాలిది కాదు, ఆ సంగతి కాగితంలో లేదన్నమాట, వెంటనే చేర్చాలి. యజమాని ప్రతి పోస్టునూ మొదటినుంచి తిరగరాస్తుంటే కాగితమే మళ్లీ రాసుకోవాలి. దిద్దుబాట్లు తగ్గేకొద్దీ రెండో గదిలోని కొన్ని మొదటి గదిలోకి మార్చవచ్చు. ధరలు మాత్రం అక్కడే ఉండటం మంచిది.

పాస్‌వర్డు చేతికివ్వనక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీలో పోస్టులు పెట్టే పని వరకే యాక్సెస్ ఇచ్చే వీలుంది. పని మానేసిన రోజే దాన్ని తీసేయాలి.